బీపీ 100/84 పక్కన 'స్టేబుల్' అని రాయకండి: షాక్‌ను చేత్తో చదివి, సెలైన్ లెక్క వేయడం

పీజీ మొదటి సంవత్సరంలో, డెంగీ సీజన్‌లో, కేస్ షీట్ మీద 'బీపీ 100/84, స్టేబుల్' అని రాసి సంతకం పెట్టాను. రెండు గంటల తర్వాత సిస్టర్ పిలిచింది. "సార్, ఆ అబ్బాయి చేతులు ఐస్‌లా ఉన్నాయి. నాడి అందట్లేదు." పరుగున వెళ్లి చూస్తే మిషన్ బీపీ చూపించడం మానేసింది. అబ్బాయి అదృష్టవశాత్తూ బతికాడు. నేను చేసిన తప్పల్లా ఒక్కటే. 100 చూశాను, 84 చూడలేదు.

కొత్తగా డ్యూటీలో చేరిన హౌస్ సర్జన్లకు, క్యాజువాలిటీ, ఐసీయూ సిస్టర్లకు నేను చెప్పే పద్ధతి ఇది. నాలుగు రకాల షాక్‌ల పేర్లు అందరికీ కంఠతా వచ్చు. రాత్రి రెండు గంటలకు మంచం పక్కన నిలబడితే ఆ నాలుగింటిలో ఇది ఏదో, సెలైన్ వదలాలో ఆపాలో మాత్రం వెంటనే తట్టదు. అందుకని పేర్లు పక్కనపెట్టి, రెండు ప్రశ్నలతో మొదలుపెడదాం. రక్తం ఎంత ప్రవహిస్తోంది? రక్తనాళాలు ఎంత బిగుసుకుని ఉన్నాయి?

ముందుగా ఒక్క సూత్రం

```
MAP − CVP = CO × SVR
MAP = DBP + (SBP − DBP) / 3
```

SBP బీపీలో పై అంకె, DBP కింది అంకె. MAP అంటే సగటు బీపీ. CVP అంటే గుండెకు తిరిగి వచ్చే పెద్ద సిరలో ఉండే ఒత్తిడి. CO అంటే గుండె నిమిషానికి పంపే రక్తం, అదే కార్డియాక్ అవుట్‌పుట్. విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్లలో ఇది సుమారు 5 లీటర్లు. SVR అంటే చిన్న ధమనులు ఆ ప్రవాహానికి ఇచ్చే అడ్డు. నేను దాన్ని బిగువు అంటాను.

పెరట్లో మోటారు వేసి గొట్టంతో బకెట్ నింపడం అందరం చూసిందే. గొట్టం మూతిని బొటనవేలితో నొక్కితే నీళ్లు దూరంగా చిమ్ముతాయి, లోపల ప్రెషర్ పెరుగుతుంది. బకెట్ మాత్రం ఆలస్యంగా నిండుతుంది. కిడ్నీకి, మెదడుకు, పేగుకు కావలసింది నిండిన బకెట్. మన బీపీ మిషన్ చూపించేది గొట్టంలో ప్రెషర్.

ఇప్పుడు నేను రాసిన 100/84 మీద లెక్క వేద్దాం. తేడా 16, దాంట్లో మూడో వంతు సుమారు 5. సగటు బీపీ 89. ఆరోగ్యంగా ఉండి 120/80 ఉన్న మనిషికి సగటు 93. అంటే చావుబతుకుల్లో ఉన్న అబ్బాయికీ, పక్కన స్టూల్ మీద కూర్చున్న వాళ్ల అన్నకీ సగటు బీపీలో తేడా నాలుగే! అన్నకు ప్రవాహం బాగుంది, బిగువు మామూలుగా ఉంది. తమ్ముడికి ప్రవాహం పడిపోయింది, శరీరం నాళాలను బిగించి ఆ లోటును కప్పిపుచ్చింది.

దీన్ని బయటపెట్టేది పల్స్ ప్రెషర్, అంటే పై అంకెకూ కింది అంకెకూ మధ్య తేడా. గుండె ఒక్కో కొట్టుకు పంపే రక్తం తగ్గితే పై అంకె దిగుతుంది. నాళాలు బిగుసుకుంటే కింది అంకె ఎక్కుతుంది. రెండూ కలిసి మధ్య దూరాన్ని నొక్కేస్తాయి. నాళాలు సడలితే దీనికి తిరగబడుతుంది, 90/40 లాంటి అంకెలు కనిపిస్తాయి. అందుకే బీపీ ఫోన్‌లో చెప్పేటప్పుడు "వంద ఉంది సార్" అంటే నేను ఒప్పుకోను, కింద ఎంతో అడుగుతాను.

ఒక జాగ్రత్త. వయసు మళ్లినవాళ్లలో పెద్ద ధమనులు గట్టిపడి ఉంటాయి కాబట్టి ప్రవాహం తక్కువున్నా పల్స్ ప్రెషర్ వెడల్పుగానే కనిపించవచ్చు. రోజూ 170/80 ఉండే పెద్దాయనకు 110/70 అంటే అది మంచి బీపీ కాదు. పాత చీటీలు అడిగి చూడాలి.

మొదటి అడుగు: చెయ్యి పట్టుకోవడం

గ్లవ్ తీసి, మీ చేతి వెనక వైపుతో రోగి వేళ్ల నుంచి మోచేతి దాకా, పాదం నుంచి మోకాలి దాకా తాకుతూ పోండి. ఎక్కడ చల్లదనం ఆగి వెచ్చదనం మొదలైందో గుర్తుపెట్టుకోండి. మణికట్టు దగ్గర ఆగిన చల్లదనం గంట తర్వాత మోచేతికి ఎక్కితే రోగి జారిపోతున్నట్టే. మోకాలి చిప్పల చుట్టూ వలలాగా నీలి మచ్చలు ఉన్నాయేమో దుప్పటి తీసి చూడండి. చాలామంది దుప్పటి తియ్యరు.

తర్వాత క్యాపిల్లరీ రీఫిల్. దీన్ని ఎవరికి తోచినట్టు వాళ్లు చేస్తే అంకెకు విలువ ఉండదు. 2019లో వచ్చిన ఆండ్రోమెడా షాక్ ట్రయల్‌లో వాడిన పద్ధతే నేనూ నేర్పుతాను. కుడి చూపుడువేలి చివర, గోరు ఉన్న వైపు కాకుండా కింది వైపు, గాజు స్లైడ్ పెట్టి చర్మం తెల్లబడేదాకా నొక్కాలి. 10 సెకన్లు అలాగే పట్టుకోవాలి. వదిలిన క్షణం నుంచి రంగు తిరిగి వచ్చేదాకా వాచీ చూసి లెక్కపెట్టాలి. 3 సెకన్లు దాటితే మామూలు కాదు. స్లైడ్ లేకపోతే మీ వేలే చాలు, ప్రతిసారీ ఒకే చోట, ఒకేలా నొక్కితే. ఏసీ గదిలో, వెలుతురు తక్కువున్న చోట ఇది తప్పుదారి పట్టిస్తుంది. సెల్‌ఫోన్ టార్చ్ వేసుకోండి.

ఆ ట్రయల్ సెప్టిక్ షాక్ రోగుల మీద చేశారు. లాక్టేట్ అంకెను చూసి వైద్యం నడిపిన బృందంతో పోలిస్తే వేలి రీఫిల్ చూసి నడిపిన బృందం వెనకబడలేదు. 28 రోజుల్లో మరణాలు 43.4 శాతం, 34.9 శాతం. తేడా గణాంకాల గీతను దాటలేదు కాబట్టి వేలే గొప్పదని చెప్పలేం. కానీ రాత్రి ల్యాబ్ లేని ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకు ఆ ఫలితం కొండంత ధైర్యం.

చేతులు వెచ్చగా ఉండి, నాడి ఎగిరెగిరి కొడుతూ, కింది బీపీ 50 కన్నా తక్కువ ఉంటే బిగువు సడలింది. ఇది డిస్ట్రిబ్యూటివ్ షాక్. చేతులు చల్లగా ఉండి, నాడి సన్నగా, పల్స్ ప్రెషర్ ఇరుకుగా ఉంటే ప్రవాహం తగ్గింది. మిగతా మూడు రకాలూ ఈ రెండో గుంపులోనే ఉంటాయి.

వెచ్చని చేతుల షాక్‌లో సెలైన్

ఇక్కడ ఎక్కువగా కనిపించేది సెప్సిస్. 90/40 ఉన్న రోగిని తీసుకోండి. సగటు బీపీ 57. ఆ పెద్ద సిరలో ఒత్తిడి 5 అనుకుంటే మిగిలింది 52. గుండె నిమిషానికి 8 లీటర్లు పంపుతోందనుకుంటే బిగువు 52ను 8తో భాగించగా వచ్చే 6.5. మామూలు మనిషిలో ఇదే లెక్క 90ని 5తో భాగించి 18 దాకా వస్తుంది. మోటారు ఒకటిన్నర రెట్లు తిరుగుతున్నా గొట్టం తెరుచుకుపోయి ఉంది.

సెలైన్ ఎందుకు పని చేస్తుంది, ఎంతవరకు చేస్తుంది అనేది దీంట్లోనే ఉంది. సిరలు కూడా సడలిపోయి రక్తం వాటిలో నిలిచిపోతుంది, నాళాల గోడల నుంచి నీరు కారుతుంది. కాబట్టి మొదట కొంత నింపాలి. సర్వైవింగ్ సెప్సిస్ 2021 సూచన ప్రకారం మొదటి 3 గంటల్లో కిలోకు కనీసం 30 మి.లీ. 60 కిలోల మనిషికి 1,800 మి.లీ. ఇది బలహీనమైన సిఫారసు అని వాళ్లే రాశారు. నేను 500 చొప్పున ఇస్తాను, ప్రతి 500 తర్వాత చెయ్యి, ఊపిరితిత్తులు చూస్తాను.

కానీ సడలిన గొట్టాన్ని నీళ్లతో బిగించలేం కదా. కింది బీపీ 40 దగ్గరే ఉన్నప్పుడు మూడో లీటరు, నాలుగో లీటరు ఎక్కించేది నార్‌అడ్రినలిన్ మొదలుపెట్టడానికి భయపడే. సెంట్రల్ లైన్ లేదని ఆగనక్కర్లేదు. మోచేతి దగ్గర మంచి పెద్ద సిరలో క్యాన్యులా ఉంటే కాసేపు దాంట్లోనే నడపవచ్చు, సూది చోటు వాస్తుందేమో చూస్తూ. లక్ష్యం సగటు బీపీ 65. యాంటీబయాటిక్ మొదటి గంటలోనే పడితేనే ఇదంతా లెక్క.

అనాఫిలాక్సిస్ కూడా బిగువు సడలే షాకే, కానీ అక్కడ వరస వేరు. ఇంజెక్షన్ పడిన ఐదు నిమిషాల్లో దద్దుర్లు, గురక, బీపీ డౌన్ అయితే ముందు తొడ కండరంలోకి అడ్రినలిన్ అర మిల్లీగ్రామ్, అంటే పెద్దవాళ్లకు 1:1000 ఆంపూల్‌లో సగం. ఆ తర్వాతే సెలైన్ వేగంగా. హైడ్రోకార్టిసోన్, ఏవిల్ ఎక్కించి చూస్తూ కూర్చోవడం మన దగ్గర పాత అలవాటు. అవి నాళాలను బిగించవు. రోగిని లేపి కూర్చోబెట్టవద్దు కూడా. సడలిన సిరల్లోని రక్తమంతా కాళ్లలోకి దిగి గుండె ఖాళీ అవుతుంది.

వెన్నెముక గాయంలో వచ్చే షాక్‌లో చెయ్యి వెచ్చగా, నాడి నెమ్మదిగా ఉంటుంది. బీపీ 80 ఉండి నాడి 54 ఉంటే మెడ ఎక్స్‌రే కన్నా ముందే ఆ అనుమానం రావాలి. ప్రమాదం కేసుల్లో మాత్రం ఎక్కడో రక్తం పోతోందనే ముందు అనుకోవాలి.

రెండో అడుగు: చెయ్యి చల్లగా ఉంటే మెడ చూడండి

చల్లని చేతుల్లో ప్రశ్న ఒక్కటే. గుండెకు రక్తం రావట్లేదా, వచ్చినా బయటికి పోవట్లేదా? జవాబు మెడ సిరల్లో ఉంటుంది.

మామూలు మనిషి చదునుగా పడుకుంటే మెడ పక్కన సిర కాస్త నిండి కనిపిస్తుంది. అద్దంలో చూసుకునే వీలుండదు కాబట్టి పక్కవాళ్లను పడుకోబెట్టి చూడండి. షాక్‌లో ఉన్న రోగి చదునుగా పడుకున్నా ఆ సిర అతుక్కుపోయి ఉంటే లోపల రక్తం తక్కువ. తల వైపు 45 డిగ్రీలు ఎత్తినా సిర దవడ దాకా ఉబ్బి ఉంటే గుండె దగ్గర ట్రాఫిక్ జామ్. అల్ట్రాసౌండ్ చేతికందితే పొట్ట పైభాగంలో పెద్ద సిర వెడల్పు చూడవచ్చు, అందకపోతే మెడ చాలు.

మెడ ఖాళీ, చెయ్యి చల్లన అంటే హైపోవొలీమిక్ షాక్. సెలైన్ పూర్తి స్థాయిలో మందుగా పనిచేసేది ఇక్కడే. అయితే ఏం పోయిందో అదే తిరిగి పొయ్యాలి. విరేచనాలతో నీరు, ఉప్పు పోయిన రోగికి రింగర్ లాక్టేట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్లాన్ సి ప్రకారం ఏడాది దాటినవాళ్లకు కిలోకు 100 మి.లీ.: మొదటి అరగంటలో 30, మిగతా 70 రెండున్నర గంటల్లో. 50 కిలోల మనిషికి అరగంటలో లీటరున్నర. ఒక్క క్యాన్యులాతో అది సాగదు, రెండు చేతులకూ 16 లేదా 18 నంబరు పెట్టాలి. అదనంగా నోటితో ఓఆర్ఎస్ తాగగలిగిన క్షణం నుంచీ.

రక్తం పోయినవాళ్లకు సెలైన్ వంతెన మాత్రమే. లీటరు దాటాక కూడా చేతులు చల్లగానే ఉంటే రక్తం ఎక్కించే ఏర్పాటు అప్పటికే అయి ఉండాలి. సెలైన్ ఎక్కువైతే ఉన్న రక్తం పలచబడుతుంది, గడ్డకట్టే గుణం తగ్గుతుంది, ఒళ్లు చల్లబడి ఇంకా కారుతుంది. గాయాల్లో గానీ కాన్పు తర్వాత రక్తస్రావంలో గానీ ట్రానెగ్జామిక్ యాసిడ్ 1 గ్రాము మొదటి 3 గంటల్లోపే పడాలి.

మూడో అడుగు: మెడ ఉబ్బితే ఊపిరితిత్తులు వినండి

చెయ్యి చల్లన, మెడ నిండు. ఇప్పుడు స్టెత్ రెండు వైపులా వెనక అడుగు భాగాల్లో పెట్టండి.

చిటపట శబ్దాలు పైదాకా వినిపిస్తుంటే, రోగి పడుకోలేక కూర్చుంటానంటుంటే, ఎడమ గుండె చేతులెత్తేసింది. కార్డియోజెనిక్ షాక్. సగటు బీపీ 70, సిరలో ఒత్తిడి 14, ప్రవాహం 2.2 లీటర్లు అనుకుంటే బిగువు 25. శరీరం కాపాడదామని బిగిస్తోంది, ఆ బిగువే నీరసించిన గుండె మీద బరువవుతోంది. ఇక్కడ సెలైన్ బాటిల్ తగిలించడమంటే మునిగిన ఊపిరితిత్తుల్లో ఇంకా నీళ్లు పొయ్యడమే. ఈసీజీ, నార్‌అడ్రినలిన్, అవసరాన్ని బట్టి డోబ్యుటమిన్, ఆక్సిజన్, మూసుకున్న నాళం తెరిచే క్యాథ్ ల్యాబ్‌కు ఫోన్. ఈ వరసలో సెలైన్‌కు చోటు లేదు.

ఊపిరితిత్తులు శుభ్రంగా ఉండి మెడ మాత్రం ఉబ్బి ఉంటే నా గుండె వేగం పెరుగుతుంది. ఎందుకంటే ఇక్కడ సరిచేయగల జబ్బులున్నాయి, నిమిషాల్లో పోయే ప్రాణాలూ ఉన్నాయి. ఒక వైపు శబ్దమే లేదు, ఆ వైపు తడితే డప్పులా మోగుతోంది, శ్వాసనాళం పక్కకు జరిగింది అంటే టెన్షన్ న్యూమోథొరాక్స్. ఎక్స్‌రేకు పంపకండి, సూది పెట్టండి. గుండె శబ్దాలు దూరంగా వినిపిస్తూ, ఊపిరి పీల్చినప్పుడు పై బీపీ 10 కన్నా ఎక్కువ పడిపోతుంటే గుండె చుట్టూ నీరు చేరిన ట్యాంపొనేడ్. మన దగ్గర టీబీ, కిడ్నీ రోగుల్లో దీన్ని మర్చిపోకూడదు. కాలు వాచి, హఠాత్తుగా ఆయాసం వస్తే ఊపిరితిత్తుల్లో గడ్డ. ఇవన్నీ అబ్‌స్ట్రక్టివ్ షాక్. గేటు మూసుకుంది కాబట్టి గేటు తెరవడమే వైద్యం. ట్యాంపొనేడ్‌లో నీరు తీసే లోపు కొంచెం సెలైన్ నిలబెడుతుంది. గడ్డ కేసులో మాత్రం 250 నుంచి 500 దాటితే కుడి గుండె ఇంకా ఉబ్బి ఎడమ గుండెను నొక్కేస్తుంది, బీపీ పెరగాల్సింది పోయి తగ్గుతుంది.

ఇదే గుంపులో ఇంకొకరు దాక్కుని ఉంటారు. కింది గోడ గుండెపోటుతో వచ్చిన రోగి, బీపీ 84, మెడ నిండు, ఊపిరితిత్తులు శుభ్రం. కుడి గుండె దెబ్బతింది. ఈసీజీ కుడి వైపు లీడ్లు పెట్టి తీయాలి. నాలుక కింద సార్బిట్రేట్ పెడితే సిరలు సడలి ఉన్న కాస్త రక్తం కూడా రాక బీపీ కుప్పకూలుతుంది. ఒక 250 మి.లీ. సెలైన్ పెట్టి చూడవచ్చు, చేతుల్లో మార్పు రాకపోతే ఇంకోటి పెట్టకూడదు.

ఎంత పెట్టాలో తేలనప్పుడు నేను చేసే పరీక్ష: రోగిని 45 డిగ్రీలు కూర్చున్న స్థితి నుంచి చదును చేసి, మంచాన్నే వంచి కాళ్లు 45 డిగ్రీలు ఎత్తించడం. కాళ్లలోంచి సుమారు 300 మి.లీ. రక్తం గుండెకు చేరుతుంది. ఒక నిమిషంలో పల్స్ ప్రెషర్ గట్టిగా పెరిగితే సెలైన్‌కు స్పందిస్తాడని అర్థం. కాళ్లు దించితే అంతా వెనక్కి పోతుంది, ఎక్కించిన సెలైన్ అలా పోదు.

చెయ్యి అబద్ధం చెప్పే సందర్భాలు

సెప్సిస్ అయినా చేతులు చల్లగా ఉండవచ్చు. రెండు రోజులు ఇంట్లో తిండి, నీళ్లు లేక వచ్చినవాళ్లలో నీరు నింపేదాకా సడలిన బిగువు బయటపడదు. పిల్లల్లో సెప్సిస్ తరచూ చల్లగానే ఉంటుంది. బీటా బ్లాకర్ వేసుకునే పెద్దాయన రక్తం పోతున్నా నాడి 76 చూపిస్తాడు. లివర్ పాడైనవాళ్లకు షాక్ లేకున్నా చేతులు వెచ్చగా, కింది బీపీ తక్కువగా ఉంటుంది.

బిగువే అసలు జబ్బు అయిన కేసు ఎర్ర తేలు కుట్టినప్పుడు చూస్తాం. మహారాష్ట్ర కొంకణ్‌లోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉండే ఆ తేలు విషం నరాల నుంచి అడ్రినలిన్ లాంటి రసాయనాలను వరదలా వదిలిస్తుంది. చెమటలు, ఐస్ లాంటి చేతులు, మొదట బీపీ పైపైకి, తర్వాత ఆ బిగువుకు గుండె అలిసిపోయి ఊపిరితిత్తుల్లోకి నీరు. చేతులు చల్లగా ఉన్నాయి కదా అని సెలైన్ వదిలితే ఆ నీటికి నీరు చేర్చినట్టే. మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రాజోసిన్ మాత్రతో ఆ బిగువును విప్పి ఎంతోమందిని కాపాడారు. చల్లని చెయ్యికి బిగువు తగ్గించే మందు ఇవ్వడం వింతగా అనిపిస్తుంది కానీ సూత్రంలో పెట్టి చూస్తే సరిగ్గా సరిపోతుంది.

సెలైన్ ఎక్కిస్తే నష్టమేముంది అనేవాళ్లకు 2011 నాటి ఫీస్ట్ ట్రయల్ గుర్తుచేస్తాను. ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో తీవ్ర జ్వరంతో, రక్తప్రసరణ దెబ్బతిని వచ్చిన 3,141 మంది పిల్లల్లో వేగంగా బోలస్ ఇచ్చిన రెండు గుంపుల్లోనూ 48 గంటల మరణాలు పదిన్నర శాతం దాటాయి, బోలస్ ఇవ్వని గుంపులో 7.3 శాతం. విరేచనాలతో నీరు పోయిన పిల్లలను ఆ ట్రయల్‌లో చేర్చలేదు కాబట్టి వాళ్లకు దీన్ని అంటగట్టకూడదు.

ఒక రాత్రి, ఒక డెంగీ కేసు

ఇప్పుడు ఇదంతా ఒక రోగి మీద పెట్టి చూద్దాం. వివరాలు మార్చాను, అంకెల నడక అలాంటి కేసుల్లో ఉండేదే. 26 ఏళ్ల యువకుడు, 60 కిలోలు. ఆదివారం జ్వరం మొదలైంది. గురువారం సాయంత్రానికి ఒళ్లు చల్లబడింది, "జ్వరం తగ్గింది" అని ఇంట్లో ఊపిరి పీల్చుకున్నారు. అప్పటి నుంచే వాంతులు, కడుపునొప్పి. డెంగీలో జ్వరం దిగే వేళే నాళాల నుంచి ప్లాస్మా కారడం మొదలవుతుంది.

రాత్రి 8 గంటలకు బీపీ 98/80, నాడి 122. సగటు బీపీ 86, కాబట్టి మానిటర్ అలారం మోగలేదు. పల్స్ ప్రెషర్ 18. డెంగీలో 20కి దిగితే చాలు, బీపీ ఎంతున్నా అది షాకే. చల్లదనం మోచేతి కింద దాకా, రీఫిల్ 5 సెకన్లు, చదునుగా పడుకున్నా మెడ ఖాళీ, మధ్యాహ్నం నుంచి మూత్రం లేదు. సీబీపీలో పీసీవీ 51, రెండు రోజుల కిందటి రిపోర్ట్‌లో 42. అయిదో వంతుకు పైగా చిక్కబడింది. బయట వాళ్ల నాన్న అడిగింది మాత్రం "ప్లేట్‌లెట్స్ ఎంత సార్?" అని. 31 వేలు. ఆ రాత్రి నన్ను నడిపించేది ఆ అంకె కాదు, పీసీవీ.

ప్రవాహం తక్కువ, బిగువు ఎక్కువ, గుండెకు వచ్చే రక్తం తక్కువ. హైపోవొలీమిక్ షాక్, పోయింది ప్లాస్మా నీరు. ఆర్ఎల్ కిలోకు 10 మి.లీ., గంటలో 600. డ్రాప్ ఫ్యాక్టర్ 20 ఉన్న సెట్‌తో నిమిషానికి 200 చుక్కలు, ఎవరూ లెక్కపెట్టలేరు. బాటిల్‌కు ప్లాస్టర్ అంటించి, ఏ నిమిషానికి ఎక్కడికి దిగాలో పెన్నుతో గీతలు పెట్టించాను. బీపీ అసలు అందని స్థితి అయితే ఇదే కిలోకు 20, పావుగంటలో.

9 గంటలకు 104/76, నాడి 108, రీఫిల్ 3, పీసీవీ 47. పల్స్ ప్రెషర్ 28కి తెరుచుకుంది. ఇక తగ్గించాలి: గంటకు కిలోకు 7 చొప్పున 420, రెండు గంటలు. 11 గంటలకు 108/74, నాడి 98, పీసీవీ 45, మూత్రం 60 మి.లీ. అక్కడి నుంచి గంటకు 300, నాలుగు గంటలు. తర్వాత 180. మెరుగైన కొద్దీ దించడమే డెంగీ సెలైన్‌లో అసలు మెళకువ. కారే నాళాల్లో ఎక్కువ పోస్తే ఆ ఎక్కువంతా పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది.

శుక్రవారం ఉదయం 10కి మళ్లీ 100/78, నాడి 118. ఇక్కడ రెండు దారులు. పీసీవీ 49 వచ్చింది, అంటే ఇంకా కారుతోంది. మరో 600 గంటలో. అదే అంకెలతో, అవే చల్లని చేతులతో పీసీవీ 36 వచ్చి ఉంటే లోపల ఎక్కడో రక్తం పోతోందని, సెలైన్ కాకుండా రక్తం ఎక్కించాలని అర్థం. నల్లటి విరేచనం కోసం ఆగకూడదు.

శనివారం మధ్యాహ్నం పీసీవీ 38కి పడింది. డ్యూటీ పీజీ టెన్షన్‌గా బ్లడ్ బ్యాంక్‌కు ఫోన్ చేయబోతోంటే ఆపి చెయ్యి పట్టుకోమన్నాను. వెచ్చగా ఉంది. బీపీ 126/70, నాడి 78, గంటకు 150 మి.లీ. మూత్రం. ఊపిరి మాత్రం 26, అడుగు భాగాల్లో చిటపట. కారిన ప్లాస్మా నాళాల్లోకి తిరిగి వస్తోంది. పల్స్ ప్రెషర్ 56, ప్రవాహం పుష్కలం. డ్రిప్ తీసేసి ఫ్యురోసెమైడ్ 20 మి.గ్రా. ఇచ్చాం.

వాళ్ల నాన్న ఖాళీ స్టాండ్ చూసి కంగారుపడ్డాడు. "ప్లేట్‌లెట్స్ ఇంకా 24 వేలే కదా సార్, సెలైన్ తీసేస్తే ఎలా?" రక్తస్రావం ఏమీ లేదు కాబట్టి 24 వేలకు ఏమీ ఎక్కించక్కర్లేదని చెప్పి, ఆయన చెయ్యి తీసుకుని కొడుకు పాదం మీద పెట్టాను. గురువారం రాత్రి కూడా అదే పాదం పట్టుకుని కూర్చున్నాడాయన. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత దుప్పటి కాళ్ల మీదికి లాగి, కొబ్బరి నీళ్లు ఇవ్వొచ్చా అని అడిగాడు. సాయంత్రం దాకా ఆగమన్నాను, ఊపిరి 20కి దిగేదాకా.